జ్వరం లేని సెలవు చీటీ

ముప్ఫై ఒక్క సంవత్సరాల పాటు గుంటూరు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, అందులో చాలా ఏళ్లు తరగతి ఉపాధ్యాయుడిగా కూడా పనిచేసినవాణ్ణి కనుక, సెలవు చీటీల విషయంలో నాకు కొంత అనుభవం ఉన్నదని చెప్పుకోవచ్చు. ఆ చీటీల్లో పిల్లలకు జ్వరం తప్ప మరొకటి రాదు. పెళ్లికి వెళ్లినవాడికీ జ్వరమే, పరీక్షకు భయపడినవాడికీ జ్వరమే, నిజంగా జ్వరం వచ్చినవాడికీ జ్వరమే. ఈ మూడో రకం పిల్లవాడి చీటీ కూడా మొదటి ఇద్దరి చీటీల లాగానే ఉండడం నన్ను చాలా కాలం బాధించింది. నిజం చెప్పినవాడికి కూడా నిజం చెప్పినట్టు కనిపించే అవకాశం లేకుండా చేసింది మనం నేర్పిన నమూనాయే.

ఆ నమూనా మీకూ గుర్తుండే ఉంటుంది. తెలుగులో రాస్తే, 'తమతో విన్నవించుకొనునది ఏమనగా, నాకు నిన్న రాత్రి నుండి తీవ్రమైన జ్వరము వచ్చినందున పాఠశాలకు హాజరు కాలేకపోవుచున్నాను. కావున దయతో రెండు దినములు సెలవు మంజూరు చేయ ప్రార్థన.' ఇంగ్లీషు మీడియం పిల్లలైతే 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలుపెడతారు. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, చీటీ ఇచ్చేది సెలవు అయిపోయి బడికి వచ్చిన రోజున. ఎదురుగా నిలబడి, నిక్షేపంగా ఊపిరి తీసుకుంటూ, 'హాజరు కాలేకపోవుచున్నాను' అన్న కాగితాన్ని పిల్లవాడు మన చేతికి ఇస్తాడు. అందులో వ్యాకరణ దోషం ఉన్నదని మనం సరిదిద్దుతాం గానీ, ఆ చీటీ ఎవరూ చదవడానికి రాసినది కాదు కనుకనే ఆ దోషం అన్నేళ్లుగా నిలిచి ఉన్నదని గుర్తించం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా వీధిలో అమ్మమ్మ దగ్గర ఉండి ఎనిమిదో తరగతి చదువుకుంటున్న ఒక పిల్లవాడు. వాణ్ణి ఇక్కడ శ్రీను అంటాను. అది వాడి పేరు కాదు. వాళ్ల నాన్న ఊళ్లో కౌలుకు మిరప వేసే రైతు. 2025 ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం వాడు నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం పట్టుకుని వచ్చి, "మాస్టారూ, లీవ్ లెటర్ రాశాను, తప్పులేమైనా ఉంటే చూస్తారా?" అన్నాడు. సోమవారం, మంగళవారం బడికి వెళ్లలేదు. బుధవారం వెళ్లాలి. చీటీలో యథాప్రకారం తీవ్రమైన జ్వరం ఉన్నది.

తప్పులు లేవు. అదే దానిలోని లోపమని వాడికి ఎలా చెప్పాలో నాకు తోచలేదు. "దీన్ని మీ టీచరు నమ్ముతారంటావా?" అని మాత్రం అడిగాను. ఆ ప్రశ్నను వాడు నేను అనుకున్నట్టు అర్థం చేసుకోలేదు. నమ్మేటట్టు రాయమంటున్నానని అనుకుని, అరుగు మీద కూర్చుని పావుగంటలో రెండో చీటీ తయారు చేశాడు.

రెండో చీటీలో జ్వరం డెంగ్యూ అయింది. ఆదివారం రాత్రి చలి పట్టింది, సోమవారం రక్తపరీక్ష చేయించారు, ప్లేట్‌లెట్లు యాభై వేలకు పడిపోయాయి, మంగళవారం సాయంత్రానికి దేవుడి దయ వల్ల పూర్తిగా నయమైంది. వాడి ఊహాశక్తిని తక్కువ చేయను. కానీ డెంగ్యూ వచ్చినవారి ఇంట్లో ఒక్కసారైనా మెలిగినవారికి ఆ చీటీ ఎక్కడ చిరిగిపోయిందో వెంటనే తెలుస్తుంది. ఆ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం సాధారణంగా మొదటి రోజున కనిపించదు. మూడు నాలుగు రోజులు గడిచి, జ్వరం తగ్గుముఖం పట్టే వేళ కనిపిస్తుంది, అందుకే జ్వరం తగ్గిందనుకున్న సమయంలోనే డాక్టర్లు ఎక్కువ జాగ్రత్త పడమంటారు. ఒక రాత్రి చలి పట్టి, మర్నాడు యాభై వేలకు దిగి, ఆ మర్నాడు నయమైపోయే డెంగ్యూ లేదు. వీధిలో అందరికీ తెలిసిన మాటలను వాడు ఏరుకొచ్చి, వాటిని తనకు దొరికిన రెండు రోజుల్లో ఇరికించాడు.

అబద్ధాల చీటీ ఎప్పుడూ ఇలాగే తయారవుతుంది. అసలు జరిగిన సంగతికి దాని కొలత దానికి ఉంటుంది. కల్పించిన సంగతిని మాత్రం మనం ఎగ్గొట్టిన రోజుల కొలతకు కత్తిరించుకోవలసి వస్తుంది. పైగా ఒక్క వివరం చేర్చినప్పుడల్లా దానికి మరొక సాక్ష్యం కావాలి. రక్తపరీక్ష అన్నావు కనుక రిపోర్టు కావాలి, డాక్టరు అన్నావు కనుక మందుల చీటీ కావాలి. ఈ సంగతి పిల్లలకు లోలోపల తెలుసు. అందుకే అనుభవం ఉన్న అబద్ధాలకోరు వివరాలు వదిలేసి 'తీవ్రమైన' అనే విశేషణం దగ్గర ఆగిపోతాడు. విశేషణానికి రిపోర్టు అడిగేవారు ఉండరు కదా. శ్రీను మొదటి చీటీ రెండోదానికంటే భద్రమైనది. అయితే ఆ భద్రత అంతా అందులో ఏమీ లేకపోవడం వల్ల వచ్చినది.

కథలు రాసేవారు కూడా కల్పిస్తారు కదా, వాటిని చదువుతూ మనం కన్నీళ్లు పెట్టుకుంటాం కదా అని ఎవరైనా అడగవచ్చు. నా తరగతిలోనే ఒక పిల్ల అడిగింది కూడా. కథకుడికి వివరం ఎంత దొరికితే అంత సంబరం, ఎందుకంటే వెళ్లి సరిచూసేవారు ఎవరూ లేరు. చీటీ రాసేవాడికి ప్రతి వివరమూ పట్టుబడే చోటే. ఇద్దరిదీ కల్పనే అయినా ఒకడు వివరం వైపు నడుస్తాడు, మరొకడు వివరం నుంచి పారిపోతాడు, ఆ పారిపోవడమే చదివేవాడికి కనిపిస్తుంది. ఇక్కడ నేను నీతి గురించి మాట్లాడడం లేదు. అబద్ధం పాపమా కాదా అన్నది వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుంది. చదవడానికి ఏది బాగుంటుందన్నదే నా ప్రశ్న.

"అసలు ఏమైందిరా?" అని అడిగాను. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాటకొకసారి తుమ్ముతున్నాడు. జలుబేమో అనుకున్నాను.

వాడు చెప్పింది ఇది. ఆదివారం రాత్రి వాళ్ల నాన్న ఊరి నుంచి సరుకు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వచ్చాడు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కనుక సోమవారం కోసం ఆదివారం రాత్రి నుంచే బళ్లు బారులు తీరతాయి. వీడు యార్డు దగ్గర నాన్నను కలుసుకుని రాత్రంతా అక్కడే ఉన్నాడు. ఆ సంవత్సరం ధర ఎలా పడిపోయిందో రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. రోజు ఆలస్యమైతే ఇంకెంత దిగుతుందోనని వాళ్ల నాన్న ఉన్న సరుకంతా తెచ్చేశాడట. సోమవారం అమ్మకం, కాటా అయ్యేసరికి సాయంత్రమైంది. మంగళవారం కళ్లు మండి లేవలేకపోయాడు.

"ఇదే రాయి," అన్నాను.

"ఇది రాస్తే బాగోదు మాస్టారూ. లీవ్ లెటర్‌లో మిర్చి గురించి ఎవరు రాస్తారు?"

ఈ మాట నాకు గుచ్చుకుంది. సెలవు చీటీలో రాయదగిన జీవితం ఒకటి, రాయకూడని జీవితం ఒకటి ఉంటుందని వాడికి నేర్పింది ఎవరు? వాడి టీచరు కాదు. నాలాంటి వాళ్లం, నల్లబల్ల మీద నమూనా రాసి, ఖాళీలో పేరూ తేదీ మాత్రం మార్చుకొమ్మని చెప్పినవాళ్లం. కారణం అన్నది కూడా మార్చుకోవలసిన ఖాళీయేనని ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది.

మూడో చీటీ నా బలవంతం మీద వచ్చింది. అది నిజమే చెప్పింది గానీ, రెండో చీటీ కంటే అధ్వానంగా ఉంది. 'నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. సత్యమే పలకాలని పెద్దలు చెప్పారు. నిజం చెబుతున్నందుకు నన్ను క్షమించగలరు. నేను మిర్చి యార్డుకు వెళ్లాను.' నాలుగు వాక్యాల్లో మూడు తన నిజాయితీ గురించి, ఒకటి మాత్రమే యార్డు గురించి. 'నిజంగా', 'ఒట్టు' అన్న మాటలు కాగితం మీద కనబడితే నేను వెంటనే అనుమానిస్తాను, ఆ అనుమానం దాదాపు ఎప్పుడూ తప్పలేదు. ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, "నీ గురించి వద్దు, యార్డు గురించి రాయి. టీచరు అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదనుకుని రాయి," అన్నాను.

నాలుగోది రాయడానికి వాడికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో మా ఆవిడ రెండుసార్లు వచ్చి, పిల్లవాణ్ణి అన్నానికి పంపించమని కసురుకుంది. దాన్ని వాడి మాటల్లోనే కొంత ఇస్తాను. అక్షరదోషాలు మాత్రం సరిచేశాను.

'మేడమ్ గారికి నమస్కారములు. నాన్నగారికి తోడు ఎవరూ లేనందువలన నేను ఆదివారం రాత్రి మిర్చి యార్డుకు వెళ్లాను. మావి 38 టిక్కీలు. అందులో 6 తాలు. టిక్కీల మీద పడుకుంటే వెచ్చగా ఉంటుంది గానీ తెల్లవారేసరికి ముక్కు మండుతుంది. తెల్లవారుజామున బాబాయి టీ తెచ్చాడు. పొద్దున వ్యాపారులు వచ్చి టిక్కీ కోసి చేతినిండా కాయలు తీసి చూశారు. ఒకాయన కాయను విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎందుకని నాన్నని అడిగితే, బాగా ఎండిన కాయ చప్పుడు చేస్తుందని చెప్పాడు. కాటా అయ్యేసరికి నాలుగు దాటింది. ఇంటికి వచ్చి కళ్లు కడుక్కున్నాను. చేతులు కడుక్కోకుండా కళ్లు కడుక్కున్నందువలన మంగళవారం కళ్లు తెరవలేకపోయాను.'

యార్డు తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోనె సంచి, నలభై కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ; దాన్ని ఏరి వేరే సంచుల్లో కడతారు, ధర కూడా మంచి కాయకు వచ్చేదానికంటే బాగా తక్కువ పలుకుతుంది. 38 టిక్కీల్లో 6 తాలు అన్న వాక్యంలో ఎక్కడా దిగులు అన్న మాట లేదు. అయినా లెక్క తెలిసినవాడికి ఆ ఇంటి సంవత్సరం ఎలా గడిచిందో కొంత అర్థమవుతుంది. ఇక ఆ చివరి వాక్యం, చేతులు కడుక్కోకుండా కళ్లు కడుక్కోవడం, ఎవరూ కల్పించలేనిది. కల్పించేవాడు తనను తాను ఇంత తెలివితక్కువవాడిగా చూపించుకోడు. నేను జలుబనుకున్న ఎర్రటి కళ్లకు కారణం కూడా అక్కడ దొరికింది.

బాగుందని చెప్పి పంపించేసేవాణ్ణే. కానీ రెండోసారి చదివినప్పుడు ఒకచోట కాలికి రాయి తగిలింది. మొదటి వాక్యంలో నాన్నకు తోడు ఎవరూ లేరు. అయిదారు వాక్యాలు గడిచేసరికి బాబాయి టీ తెచ్చాడు.

"మీ బాబాయి ఎక్కడి నుంచి వచ్చాడురా?"

వాడు తల వంచుకున్నాడు. బాబాయి ఊరి నుంచి నాన్నతోనే వచ్చాడు. తోడు కావలసిన అవసరం లేదు. వాళ్ల నాన్న ఫోనులో, "నువ్వు రావద్దు, బడికి వెళ్లు," అని కూడా అన్నాడట. వీడే అమ్మమ్మతో నాన్న రమ్మన్నాడని చెప్పి ఆటో ఎక్కాడు. సోమవారం లెక్కల పరీక్ష ఉంది. బీజీయ సమాసాలు వాడికి అంతుపట్టలేదు.

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. మూడు చీటీలు దాటి వచ్చిన నిజంలో కూడా ఒక కల్పన మిగిలింది, అదీ మంచి గుణం వేషం వేసుకుని మిగిలింది. తండ్రికి తోడుగా వెళ్లిన కొడుకు అన్న మాట చదివేవారి మనసును ఇట్టే కరిగిస్తుంది. నేను మొదటిసారి కరిగినవాణ్ణే. జ్వరం అని రాసినప్పుడు వాడికి అది అబద్ధమని తెలుసు. తోడు లేనందువలన అని రాసినప్పుడు అది అబద్ధమన్న స్పృహ కూడా వాడికి సరిగ్గా ఉన్నదని నేను అనుకోను. పట్టించింది వాడు రాసిన వివరమే. టీ తెచ్చిన బాబాయి నిజంగా అక్కడ ఉన్నాడు కనుక, రాసేవాడి అనుమతి అడగకుండా వాక్యంలోకి వచ్చేశాడు. మొదటి చీటీలో ఇటువంటి ప్రమాదం జరిగే వీలే లేదు, ఎందుకంటే అందులో మనుషులే లేరు.

వాడు మొదటి వాక్యం కొట్టేసి ఇలా రాశాడు: 'సోమవారం లెక్కల పరీక్షకు నేను చదవలేదు. నాన్న వద్దన్నా ఆదివారం రాత్రి మిర్చి యార్డుకు వెళ్లాను.' మిగిలినదాంట్లో ఒక్క అక్షరం మారలేదు. అయినా చీటీ అంతా మారిపోయింది. ఇంతకుముందు కష్టం లాగా చదివిన వాక్యాలు ఇప్పుడు బడి ఎగ్గొట్టిన పిల్లవాడు కళ్లు విప్పార్చుకుని చూసిన వింతల్లాగా చదువుకోవచ్చు. కాయ విరిచి చెవి దగ్గర పెట్టుకున్న వ్యాపారి ఇప్పుడు ఇంకా బాగున్నాడు. తండ్రి కష్టంలో ఉన్నప్పుడు కొడుకు ఆ వింత చూస్తూ నిలబడడం మొదటి రూపంలో కొంచెం అతకలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ 6 తాలు టిక్కీల బరువు కూడా తగ్గలేదు. ఆ ఇంటి నష్టం ఎంతో తెలిసి ఉండి, లెక్కల పరీక్షకే ఎక్కువ భయపడిన పదమూడేళ్లవాడు అందులో కనిపిస్తాడు. ఆ వయసులో నేనూ అంతే.

ఇక్కడ ఒక హద్దు గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ప్రతి పిల్లవాడి చేతా ఇంట్లో జరిగినదంతా రాయించమని నేను అనడం లేదు. తండ్రి తాగి వచ్చి కొట్టిన రాత్రి, ఫీజు కట్టలేక తల్లి బడికి పంపని రోజు, ఆడపిల్లకు ఒంట్లో బాగుండని రోజు, వీటిని ముప్ఫై ఐదు మంది పిల్లల ముందు బల్ల మీద పడి ఉండే కాగితంలో రాయవలసిన పని లేదు. 'ఇంటి కారణం వల్ల రాలేకపోయాను' అన్న వాక్యం చాలు. చెప్పకుండా ఉండడం వేరు, లేనిది చెప్పడం వేరు. నా ఉద్యోగకాలంలో ఆ తేడా గ్రహించకుండా, కారణం స్పష్టంగా లేదని చీటీలు తిప్పి పంపినవాణ్ణి నేనే. తిప్పి పంపిన మర్నాడు అవే చీటీలు తీవ్రమైన జ్వరంతో తిరిగి వచ్చేవి, నేను తృప్తిగా సంతకం పెట్టేవాణ్ణి. పిల్లలకు కల్పించడం అలవాటు చేసినది ఎక్కువగా ఆ సంతకాలే.

చీటీకి పెద్దవారి సంతకం కూడా కావాలి. జ్వరం చీటీ మీద అమ్మమ్మ అప్పటికే సంతకం పెట్టి ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసే మనిషి. నాలుగు అక్షరాలకు నాలుగు నిమిషాలు పడుతుంది. కొత్త చీటీ తీసుకెళ్లి, అందులో ఉన్నది చదివి వినిపించి, మళ్లీ సంతకం పెట్టించుకోవలసి వచ్చింది. 'నాన్న వద్దన్నా' దగ్గర ఆమె ఏమన్నదో వాడు నాకు చెప్పలేదు. గోడ అవతల నుంచి నాకు కొంత వినిపించింది గానీ, అది ఇక్కడ రాయదగినది కాదు.

బుధవారం సాయంత్రం ఆ చీటీ మళ్లీ నా దగ్గరకు వచ్చింది. శిక్ష తప్పలేదు. లెక్కల పరీక్ష గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కడే కూర్చుని రాయాలని అడుగున ఎర్ర సిరాతో రాసి ఉంది. నేను ఎన్ని వందల చీటీల మీద సంతకం చేశానో లెక్క లేదు గానీ, సంతకం కాకుండా మరొక మాట రాసిన గుర్తు లేదు. ఈ టీచరమ్మ ఆ ఎర్ర సిరా కింద ఇంకొక వాక్యం రాసింది: 'తాలుకు ఎంత ఇచ్చారు?'

"ఏమని రాయను మాస్టారూ? ధర మాట్లాడేటప్పుడు నేను టిక్కీల వెనక నిద్రపోతున్నాను," అన్నాడు వాడు. అంటూనే కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. ఏదో ఒక అంకె వేసేస్తాడేమోనని చూస్తున్నాను. ఆ ప్రశ్న కిందనే, కొంచెం చిన్న అక్షరాలతో, ఇలా రాశాడు: 'తెలియదు మేడమ్. అప్పుడు నిద్రపోయాను. నాన్నని అడిగి రేపు చెబుతాను.'